కల్లారా చూచి: ఒక శుభలేఖకు టీకా తాత్పర్యం

మూలము: “పెద్దపంజాని గ్రామమున జరుగు పఱిణయ మహోత్సవమునకు సకుటుంబముగా విచ్చేసి, కల్లారా చూచి, వధూవరులను దీవించ ప్రార్థణ.”

అవతారిక: ఈ గద్యమును రచించినవాడు నాకు అల్లుడి వరస. కార్డు బరువు పావుకిలో ఉంటుంది, అక్షరాలన్నీ బంగారు రంగు. పసుపు రాసి చేతికిచ్చి, “ఎట్లుంది మామా?” అన్నాడు. “ఆ బండి ఱ ఎందుకురా?” అన్నాను. “పాతకాలం అక్షరం గద మామా, పడితే ఘనంగా ఉంటాదని నేనే ఏపిచ్చినా” అన్నాడు. ఆ మాట విన్న పిదప టీక రాయకుండా ఉండడం నా వల్ల కాలేదు.

ప్రతిపదార్థము: సకుటుంబముగా, విచ్చేసి, వధూవరులను అనునవి సులభములు. చదువరులే చూసుకొందురు గాక.

పఱిణయ: ఇందులో ణ సరిగ్గా పడింది, ఱ తప్పుగా పడింది. ఇంత సమతూకం మహాకవులకూ కుదరదు. సంస్కృతంలో ఱ అనే అక్షరమే లేదు. కాబట్టి సంస్కృతం నుంచి వచ్చిన ఏ మాటలోనూ అది రాదు: పరిణయం, రామాయణం, కారణం, అన్నీ మామూలు ర. బండి ఱ ఇంటి మాటలది: గుఱ్ఱము, గొఱ్ఱె, ఆఱు, నూఱు. ఒకప్పుడు దాని పలుకు వేరు. ఇప్పుడు తెలుగు నోట ఆ రెండూ ఒకటే అయిపోయాయి, కన్నడం కూడా దాన్ని వదిలేసింది, తమిళం మాత్రం దాచుకుంది. అందుకని సందేహం వస్తే తమిళ సాటిమాట చూడాలి. చెట్టు వేరు వాళ్లకూ చిన్న ర తోనే, “వేఱు కాపురం”లోని వేఱు పెద్ద ఱ తోనే. మదనపల్లె టమాటా మార్కెట్టుకు వచ్చే తమిళ వ్యాపారి చేత ఈ రెండు మాటలూ రాయించుకుంటే సరిపోతుంది. అతడు దొరకకపోతే 1885 నాటి శబ్దరత్నాకరం ఉంది, బహుజనపల్లి సీతారామాచార్యులు ఏ మాట ఏ రేఫదో విడదీసి చూపారు. రెండూ అందకపోతే ర రాసి ఊరుకోవచ్చు, ఈనాటి రాతలో అది తప్పు కాదు. ఱ రాయకపోతే ఎవరూ ఏమీ అనరు. రాకూడని చోట రాస్తేనే ఇట్లా టీకలు పుడతాయి.

ప్రార్థణ: ణ వేస్తే సంస్కృతం అయిపోతుందనే భ్రమ దీనికి మూలం. అసలు సూత్రం పాణినిది, అష్టాధ్యాయి చివరి పాదంలో ఉంది. భావం మాత్రం చెబుతాను. ఒకే మాటలో ముందు ఋ, ర, ష లలో ఒకటి ఉండి, తరువాత న వస్తే అది ణ అవుతుంది. నడుమ అచ్చులు, కవర్గం, పవర్గం, య వ హ లు ఎన్ని వచ్చినా అడ్డం కావు. చవర్గం గానీ టవర్గం గానీ తవర్గం గానీ ల శ స లు గానీ దూరితే న అట్లాగే ఉండిపోతుంది. ర పలికేటప్పుడు నాలుక కొన పైకి లేస్తుంది, పెదవులూ గొంతూ చేసే పని దాన్ని కదిలించదు, పంటి దగ్గరికో దవడ దగ్గరికో పిలిస్తే మాత్రం దిగిపోతుంది. ఇప్పుడు చూడండి. పరిణయంలో ర తరువాత ఉన్నది ఒక్క ఇకారం, ణ వచ్చింది. ప్రార్థనలో ర కూ న కూ నడుమ థ కూర్చుంది, న నిలిచింది. దర్శనంలో శ, రచనలో చ, కీర్తనలో త అదే పని చేశాయి. భూషణం, గ్రహణం, ప్రయాణం అడ్డు లేనివి.

శంక: అట్లయితే మూలంలోని “గ్రామమున” మాటేమిటి? ర ఉంది, నడుమ పవర్గమే ఉంది, “గ్రామముణ” కావద్దా? సమాధానం: కావద్దు. ఆ న తెలుగు విభక్తిది, సంస్కృత సూత్రం దాన్ని అంటదు. గణం, గుణం, వీణ, మణి వంటివి ర తో పని లేకుండానే ణ తో పుట్టాయి, వాటికి నిఘంటువే దిక్కు.

కల్లారా: ఇక్కడ వ్యాఖ్యాతకు కొంచెం ఆగాలనిపిస్తోంది. కళ్లారా అంటే కళ్లు నిండా. కల్లారా అంటే కల్లు నిండా. మా అల్లుడు బంధువులను దేనికి పిలిచాడో ఈ ఒక్క అక్షరం తేలుస్తుంది.

మా మూల మూడు రాష్ట్రాల సందు. తమిళుడు కల్లును ‘కళ్’ అంటాడు, రాయిని ‘కల్’ అంటాడు. కన్నడిగుడు కల్లును ‘కళ్ళు’ అంటాడు, ‘కల్లు’ అంటే అతనికి రాయి. మనకు కల్లు తాగేది, కళ్లు చూసేవి. మూడు భాషలవాళ్లు ఒక్క బస్సులో కూర్చుని ఈ మాట అంటే ఒకడికి దాహం, ఒకడికి కంటిచూపు, ఒకడికి రాయి గుర్తుకొస్తాయి. ఇది ఒక్క మాట సంగతి కాదు. వాళ్ల తేళ్, చేళు మనకు తేలు. వాళ్ల పళ్ళి, హళ్ళి మనకు పల్లె, మదనపల్లెలో ఉన్నది అదే. వాళ్ల కణ్, కణ్ణు మనకు కన్ను. అంటే పాత ళ, ణ లను తెలుగు ఇటువంటి మాటల్లో ల, న లుగా మార్చేసుకుంది. ఱ దగ్గర దారి చూపిన తమిళమే ఇక్కడ దారి తప్పిస్తుంది.

మరి మన ళ ఎక్కడిది? ఎక్కువగా బహువచనంలో పుట్టింది. నీరు నీళ్లు, ఊరు ఊళ్లు, కాలు కాళ్లు, ముల్లు ముళ్లు. దీన్ని పట్టడానికి రాయలసీమవాడికి నిఘంటువు అక్కరలేదు, అవ్వ నోరు చాలు. అవ్వ “ండ్ల” అన్నచోట ళ్ల రాయండి. పండ్లు పళ్లు, ఇండ్లు ఇళ్లు, పెండ్లి పెళ్లి, కండ్లు కళ్లు. “కండ్లారా చూసినా నాయనా” అంటుంది అవ్వ. తాగేదాన్ని ఏ అవ్వా కండ్లు అనదు. ‘పెల్లి’ అని రాసే పట్నపు బోర్డులవాళ్లు పెండ్లి అనడం మొరటనుకుని మానేశారు, దాంతో ళ కూడా పోయింది.

పెద్దపంజాని: దీన్ని చివరికి అట్టిపెట్టింది కావాలనే. ఇంతవరకూ నవ్వాను, ఇక్కడ నవ్వు రాదు. మా ఊరు పెద్దపంజాణి. దీనికి ర లేదు, ష లేదు, ఏ సూత్రమూ సాయపడదు, ఊరివాళ్ల నోరూ సర్కారు కాగితమూ ఏది అంటే అదే. ఇంగ్లీషులో రాసినప్పుడు ణ, న రెండూ ఒకే అక్షరంలో పడతాయి, దాన్ని చూసి మళ్లీ తెలుగు చేసినవాడు న వేస్తాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో చిన్న n కు న, పెద్ద N కు ణ, l కు ల, L కు ళ. షిఫ్టు మీటకు వేలు బద్ధకిస్తే ఊరు మారిపోతుంది. మనిషి కంటికి అవి అక్కాచెల్లెళ్లు, కంప్యూటరుకు మాత్రం U+0C23, U+0C28 అనే రెండు వేరు అంకెలు. మా ఇంట్లో ఒక పిల్లవాడి రెండు పత్రాల్లో ఒకదానిలో ణ, ఇంకొకదానిలో న పడితే, ఒక ఆఫీసులో రెండూ వేరు ఊళ్లన్నారు. మూడుసార్లు తిరిగాం. అచ్చుకు పంపేముందు వెతికే పెట్టెలో ‘పంజాని’ అని కొట్టి చూడండి. ఒక్కటి తగిలినా దిద్దండి.

తాత్పర్యము: కార్డులు ఆరువందలు అప్పటికే పంచేశాడు. పెండ్లికి నేనూ పోయాను, ముందు వరుసలో కూర్చుని కళ్లారా చూశాను. కల్లు పోయలేదు.