వద్దని చెప్పే పెద్దమనిషి

హైదరాబాదు ఐటీ కొలువుల్లో ఆఫర్ కాదనేవాళ్లు రెండు తెగలు. మొదటి తెగవాడి ఫోన్ సరిగ్గా చేరాల్సిన రోజు ఉదయమే స్విచ్ఛాఫ్ అవుతుంది. మర్నాడు అది మళ్లీ మోగేసరికి ఒక నాయనమ్మ కాలం చేసి ఉంటుంది. నోటీసు పీరియడ్ చివరి వారంలో పోయే నాయనమ్మలు ఈ ఊళ్లో ఎందరో రిక్రూటర్లనడిగితే చెబుతారు. రెండో తెగవాడు అరుదు. అతను కాదన్న కంపెనీయే ఏడాది తిరగకుండా అతనికి మళ్లీ ఫోన్ చేస్తుంది.

ఈ రెండోవాడి మొదటి లక్షణం తొందర. శుభవార్తైతే రెండు రోజులు దాచుకోగలడు గాని, ‘రాను’ అన్న మాటను ఒక పూట కూడా కడుపులో ఉంచుకోలేడు. ఇందులో మంచితనం కంటే లెక్క ఎక్కువ. ఇక్కడ చాలా కంపెనీల్లో నోటీసు పీరియడ్ 60 నుంచి 90 రోజులు. అతను సరేనన్న రోజు నుంచి ఆ సీటు అతని పేరన ఖాళీగా కూర్చుంటుంది. ఇంటర్వ్యూల్లో రెండో స్థానంలో నిలిచినవాడికి ‘క్షమించాలి’ అని మెయిల్ వెళ్లిపోతుంది. మూడో రోజున కాదంటే ఆ రెండో స్థానంవాడింకా దొరుకుతాడు. ఎనభయ్యో రోజున కాదంటే వాడు వేరేచోట చేరి, మెడలో ఐడీ కార్డు వేసుకుని తిరుగుతుంటాడు. మేనేజరు వెతుకులాట మళ్లీ మొదలుపెట్టాలి, దొరికినవాడి 90 రోజులూ మళ్లీ కాచుకోవాలి. అందుకే కంపెనీకి కోపమొచ్చేది ‘రాను’ అన్నందుకు కాదు, అన్న తేదీకి.

రెండో లక్షణం వరస తప్పకపోవడం. తన రెజ్యూమేని లోపలికి పంపిన స్నేహితుడుంటే మొదటి ఫోన్ అతనికే. రిఫరల్ బోనస్ పోయిందని వాడు గొణుగుతాడు, ఒక బిర్యానీతో తేలిపోతుంది. అదే కబురు క్యాంటీన్లో మేనేజరు నోట వింటే ఏ బిర్యానీకీ తేలదు. కన్సల్టెన్సీ నడిపిన వ్యవహారమైతే వాళ్లకు ఫీజు వచ్చేది అతను చేరితేనే. అందుకే వాళ్లు బతిమాలతారు. అతను ఓపికగా వింటాడు, మాట మాత్రం మార్చడు. ఆ తర్వాత రిక్రూటరుకు ఫోన్, ఆ మీదట మెయిల్. జీతం కోసం పైవాళ్లతో వాదించిన మేనేజరుకు విడిగా రెండు ముక్కలు.

అసలు విద్య కనబడేది ఫోన్లో. అతను జావా డెవలపర్ అనుకుందాం. మాదాపూర్ కంపెనీ 24 లక్షలిస్తానంది. గచ్చిబౌలిలో ఇంకొకరు 22 లక్షలకే డేటా ఇంజినీరింగ్ పని ఇస్తున్నారు. అతని మనసు అటే ఉంది.

“మేడమ్, బాగా ఆలోచించాను. చేరలేకపోతున్నానండీ.”

“జీతం గురించైతే చెప్పండి, మాట్లాడదాం.”

“జీతం కాదండీ. డేటా ఇంజినీరింగ్ వైపు పని దొరికింది, అటు వెళ్తున్నాను.”

“ఏ కంపెనీ?”

“చేరాక లింక్డ్‌ఇన్‌లో మీకే కనబడుతుంది మేడమ్.”

“ఇంకో రెండు లక్షలు అడిగి చూడనా?”

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది జారతారు. ఒక్క క్షణం “ఊఁ...” అని సాగదీస్తే చాలు, ఆవిడ మేనేజరు దగ్గరికి, మేనేజరు ఫైనాన్స్ దగ్గరికి పరుగెడతారు. తిప్పలుపడి ఆ రెండు లక్షలూ తెచ్చాక కూడా కాదన్నవాణ్ణి ఎవరూ క్షమించరు. పెద్దమనిషి సాగదీయడు. “వద్దు మేడమ్, మిమ్మల్ని శ్రమపెట్టను” అంటాడు. బేరమేదైనా ఉంటే నిర్ణయానికి ముందే ఆడేసి ఉంటాడు. పెళ్లిచూపుల్లో కట్నం సంగతి తేలాక జాతకాలు కలవలేదనే రకం కాడతను. కారణం ఒక్కటే చెబుతాడు, అదీ నిజమైనదే. రెండు చెబితే రెండోది మొదటిదాన్ని పడగొడుతుంది.

మెయిల్ చిత్తుప్రతిలో మాత్రం అతను మనలాంటివాడే. “మీ సంస్థకు జన్మజన్మలా ఋణపడి ఉంటాను” అని రాసి, చదువుకుని, కొట్టేస్తాడు. చివరికి నాలుగు వాక్యాలు మిగులుతాయి: “ఫలానా తేదీన ఇచ్చిన ఆఫర్‌కు ధన్యవాదాలు. డేటా ఇంజినీరింగ్ వైపు వెళ్తున్నందువల్ల స్వీకరించలేకపోతున్నాను. రెండో ఇంటర్వ్యూలో మేనేజరుగారు పాత వ్యవస్థను విడగొట్టే తీరు వివరించారు, చాలా నేర్చుకున్నాను. ఈ స్థానానికి తగిన సహోద్యోగి ఒకరున్నారు, మీరు సరేనంటే వివరాలు పంపుతాను.” మూడో వాక్యం ఇంకో కంపెనీకి అతికించి పంపడానికి పనికిరాదు. నమ్మకం కలిగించేది అదే. నాలుగోది ఆ సహోద్యోగిని అడిగాకే రాస్తాడు.

ఈ నేర్పుకూ హద్దులున్నాయి. సంతకం చేసి, జాయినింగ్ బోనస్ పుచ్చుకుని, ల్యాప్‌టాప్ ఇంటికొచ్చాక కాదనాల్సివస్తే తియ్యటి మెయిల్ చాలదు. డబ్బూ ల్యాప్‌టాపూ అడగకముందే తిరిగివ్వాలి, క్షమాపణ ఒక్కసారే చెప్పాలి. అప్పటికీ కొన్ని కంపెనీలు రికార్డుల్లో అతని పేరు పక్కన గుర్తు పెట్టుకుని, కొన్నాళ్లు పిలవవు.

మంచిపేరు మిగిలిందో లేదో హెచ్ఆర్ పంపే “ఆల్ ది బెస్ట్” వల్ల తెలియదు. అది అందరికీ వెళ్లేదే. మేనేజరు సొంతంగా ఒక వాక్యం రాసినా, సహోద్యోగి వివరాలు పంపమన్నా మిగిలినట్టు. ఆరేడు నెలల తర్వాత పెద్దమనిషి ఆ మేనేజరుకు ఒకసారి పలకరింపు పంపుతాడు. అందులో ఉద్యోగం ఊసెత్తడు. అవతలివాళ్లే ఎత్తితే, ఈసారి జీతం సంగతి మొదటి ఫోన్లోనే తేల్చుకుంటాడు.