మంచు పడని ఊళ్లో మంచుబంతి

పుదుచ్చేరి తట్టాంచావడి ఇండస్ట్రియల్ ఎస్టేట్ రోడ్డు మీద మే నెలలో మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా రెండడుగులు వేయడం కష్టం. అక్కడ కూడా మన పరిశోధకులు మంచుబంతులు దొర్లించగలరు. 'స్నోబాల్ శాంప్లింగ్ ద్వారా 20 మంది కార్మికులను ఎంచుకున్నాం. శాచురేషన్ వచ్చేవరకు ఇంటర్వ్యూలు చేశాం. డేటాను కోడ్ చేశాం. నాలుగు థీములు పైకి తేలాయి.' గుణాత్మక పరిశోధన చేశామనే చాలా థీసిసుల్లో మెథడాలజీ చాప్టర్ పిండితే మిగిలే రసం ఈ నాలుగు వాక్యాలే. రివ్యూయర్ దాన్ని తిప్పి పంపుతూ, శాంప్లింగూ కోడింగూ పొజిషనాలిటీ నమ్మేలా వివరించమంటాడు. అప్పుడు మరమ్మతు మొదలవుతుంది. మరమ్మతంటే మరేం లేదు, 'పర్పసివ్' పక్కన 'మాక్సిమమ్ వేరియేషన్', 'కోడింగ్' ముందు 'ఇటరేటివ్', చివర్లో ఒక పేరా ఆత్మనివేదన. నాలుగు వాక్యాలు నలభై అవుతాయి. చదివినవాడికి తెలిసింది మాత్రం ముందెంతో ఇప్పుడూ అంతే. గోడ బీటలు వారిందంటే సున్నం కొట్టి, రంగు బాగుందా అని అడిగినట్టుంటుంది. నమ్మకం మాటల బరువు వల్ల రాదు. ఇక్కడ ఈ పని చేశాం, ఇంకోలా చేసే వీలుండేది, ఇందుకు చేయలేదు, దానివల్ల ఇది పోయింది అని పద్దు రాసినట్టు రాస్తే వస్తుంది. నా వాదన ఇంతే. మిగతాది ఒక ఉదాహరణలో చూద్దాం.

ఉదాహరణ నేను కల్పించుకున్నదే, ఏ థీసిస్‌కీ గురిపెట్టింది కాదు. పుదుచ్చేరి ప్రభుత్వం కిందే ఉన్నా యానాం ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరం, చుట్టూ ఆంధ్ర, మాట తెలుగు. ఆ యానాం నుంచీ దాని పక్క జిల్లా నుంచీ వచ్చి తట్టాంచావడిలో చిన్న చిన్న యూనిట్లలో పనిచేసే ఆడవాళ్ల ఓవర్‌టైమ్ గురించి ఒక తెలుగు విద్యార్థిని పరిశోధన చేస్తోందనుకుందాం. ఆమె చాప్టర్లో మంచుబంతి దొర్లింది సరే, మొదట దొర్లించిందెవరు? యూనిట్లోకి అడుగుపెట్టాలంటే సూపర్‌వైజర్ అనుమతి కావాలి. మొదటి అయిదుగురి పేర్లూ ఆయనే ఇచ్చాడు. ఆ అయిదుగురూ ఓవర్‌టైమ్ డబ్బులు పిల్లల ఫీజుకు పనికొస్తున్నాయని సంతోషంగా చెప్పారు. ఆయన ఇచ్చిన పేర్లు ఆయన కంపెనీని తిడతాయా! ఇది గమనించి ఆరో మనిషి నుంచి ఆమె దారి మార్చింది. యూనిట్ వదిలి, ఆ ఆడవాళ్లు అద్దెకుండే ఇళ్ల వరసకి వెళ్లింది. మొత్తం 27 మందిని అడిగితే 20 మంది ఒప్పుకున్నారు. నలుగురు సూపర్‌వైజర్‌కు తెలుస్తుందని వద్దన్నారు. ముగ్గురికి తీరిక దొరకలేదు. చేరి ఏడాది నిండనివాళ్లు ఒక్కరూ దొరకలేదు గనుక కొత్తవాళ్ల జీతాల్లో కోతల గురించి ఈ అధ్యయనం ఏమీ చెప్పలేదు. ఇదంతా నాలుగైదు వాక్యాల్లో రాసేయొచ్చు. కానీ దిద్దిన చాప్టర్లో దీనికి బదులు స్నోబాల్ శాంప్లింగ్ అంటే ఏమిటో ఒక నిర్వచనం, దాని ప్రయోజనాల మీద ఒక పేరా కనిపిస్తాయి. రివ్యూయర్‌కు స్నోబాల్ అంటే ఏమిటో తెలుసు. సూపర్‌వైజర్ సంగతే తెలియదు.

ఇక శాచురేషన్. 1967లో గ్లేసర్, స్ట్రాస్ ఈ మాట తెచ్చినప్పుడు ఉద్దేశం వేరు. సేకరణా విశ్లేషణా కలిసి నడవాలి, ఇప్పటివరకు తేలినదాన్ని బట్టి తర్వాత ఎవరిని కలవాలో నిర్ణయించుకోవాలి, ఒక వర్గం గురించి ఇంక కొత్త సంగతేదీ రాకపోతే అక్కడ ఆపాలి. మన దగ్గర మాత్రం సినాప్సిస్‌లోనే 20 అని రాసుకుంటాం, ఇంటర్వ్యూలన్నీ అయ్యాకే కోడింగ్ మొదలుపెడతాం, అయినా శాచురేషన్ సరిగ్గా ఇరవయ్యో మనిషి దగ్గరే వచ్చి, రిజర్వేషన్ చేయించుకున్న సీట్లో కూర్చుంటుంది. గట్టిగా అడిగితే గెస్ట్, బన్స్, జాన్సన్‌ల 2006 వ్యాసం చూపించి పన్నెండుకే వస్తుందట అంటారు. ఆ వ్యాసంలో ఉన్నదేమిటి? వాళ్లు ఘనా, నైజీరియాల్లో 60 మంది ఆడవాళ్లను ఇంటర్వ్యూ చేశారు. ఘనా ఇంటర్వ్యూల్లో చివరికి తేలిన 109 కోడ్లలో 80 మొదటి ఆరింటిలోనే దొరికాయి, పన్నెండు అయ్యేసరికి వంద. అంటే పన్నెండన్నది వాళ్లు లెక్కపెట్టి చూపించిన సంఖ్య. పైగా అడిగినవాళ్లు దాదాపు ఒకే రకం మనుషులు, అడిగిన ప్రశ్నలూ అందరికీ ఒకటే. మనకు వాళ్ల సంఖ్య కావాలి గానీ వాళ్ల లెక్క అక్కర్లేదు. మన విద్యార్థిని అలాంటి పట్టిక తానే వేసుకుంటే, పదహారో ఇంటర్వ్యూలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒకామె మాట్లాడగానే మూడు కొత్త కోడ్లు పుట్టుకొచ్చాయని కనిపించవచ్చు. అప్పుడు నిజాయితీగా రాయాల్సింది, పర్మనెంట్ వాళ్ల విషయంలో కొత్తది రావడం ఆగింది, కాంట్రాక్టు వాళ్ల విషయంలో ఆగలేదు అని. ఆ వాక్యం రాస్తే చాప్టర్ బలహీనపడుతుందని భయం. నా మటుకు నాకు మొత్తం చాప్టర్లో నమ్మబుద్ధయ్యే మొదటి వాక్యం అదే.

కోడింగ్ దగ్గర వినోదం ఇంకా పెద్దది. 'బ్రౌన్, క్లార్క్ చెప్పిన ఆరు దశలు పాటించాం, థీములు పైకి తేలాయి' అంటారు. థీములు వాటంతటవే పైకి తేలవు, పరిశోధకులే వాటిని పోగుచేసి కడతారని ఆ 2006 వ్యాసంలోనే వాళ్లు చెప్పారు. శాచురేషన్ అనే ఆలోచన తమ పద్ధతికి అంతగా పొసగదని 2021లో వేరే వ్యాసం కూడా రాశారు. వాళ్లను పీటేసి కూర్చోబెట్టి, వాళ్లు వద్దన్నవే వడ్డిస్తున్నాం. ఆపైన కోడింగ్ ఎన్‌వివోలో చేశామని ఒక మాట. కాగితం మీద రంగు పెన్సిళ్లతో చేశామంటే ఎంత తెలుస్తుందో దీనివల్లా అంతే తెలుస్తుంది. చూపించాల్సింది ఒక మాట కోడ్‌గా, కోడ్ థీమ్‌గా మారిన దారి. మన ఉదాహరణలో ఒకామె ఇలా అందనుకోండి: "బలవంతమేం లేదమ్మా. ఆరింటికి ఆయనొచ్చి నిలబడతాడు. కాదంటే ఏమనుకుంటాడోనని మొహమాటం, ఉండిపోతాం." రికార్డింగ్ తెలుగులో ఉంది, ట్రాన్స్‌క్రిప్ట్ ఇంగ్లీషులో తయారైంది. మొహమాటానికి ఇంగ్లీషులో సరైన మాట లేక, సిగ్గు అనే అర్థమిచ్చే మాటేదో పడింది. దాన్ని చూసి 'ఆత్మవిశ్వాస లోపం' అని కోడ్ పెట్టారు. అలాంటివి ఆరు పోగై 'ఆడవాళ్లలో సాధికారత లేమి' అనే థీమ్ అయింది. చివరి చాప్టర్లో కౌన్సెలింగ్ ఇవ్వాలని సిఫార్సు! మొహమాటం మనిషిలోని లోపం కాదు, ఇద్దరి మధ్య ఉండే సంబంధం. ఎదుటివాడు ఎక్కడ నిలబడ్డాడు, రేపు సెలవు ఎవరిని అడగాలి, ఎవరి మాట ఎవరు కాదనగలరు అన్నవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. తెలుగులోనే కోడ్ చేసి ఉంటే థీమ్ పేరు 'అడక్కుండానే ఉంచేయడం' అయ్యేది, సిఫార్సు ఆరింటికి వచ్చి నిలబడేవాడి గురించి ఉండేది. అందుకని ఏ భాషలో కోడ్ చేశారు, ఎప్పుడు అనువదించారు, అనువాదంలో ఏ మాట దగ్గర ఆగిపోయారు అన్న మూడు సంగతులూ ఆరు దశల జాబితా కన్నా విలువైనవి. మొదటి కోడ్ల పట్టికలో 'భయం'లో కలిపేసిన మొహమాటాన్ని ఫలానా ఇంటర్వ్యూ తర్వాత విడదీశాం, వెనక్కి వెళ్లి పాతవి మళ్లీ చదివాం అని రాస్తే 'ఇటరేటివ్' అన్న మాట రాయనక్కర్లేదు. ఇవేవీ జరగలేదని పసిగట్టడమూ తేలికే. కోట్ చేసిన మాటలన్నీ ఇరవై మందిలో ఏ ముగ్గురివో అయివుంటాయి, తొమ్మిదో నంబరావిడ చెప్పిందేమిటో వైవా దాకా ఎవరికీ తెలియదు.

పొజిషనాలిటీ పేరా ఇప్పుడు పెళ్లి ప్రకటనలా తయారైంది. వయసు, చదువు, కులం, ప్రాంతం, మధ్యతరగతి కుటుంబం. జీతం ఒక్కటే తక్కువ. చివర్లో 'నా పక్షపాతాలు పరిశోధన మీద పడకుండా జాగ్రత్తపడ్డాను' అని హామీ. పడకుండా ఆపగలిగితే ఈ వివరాలన్నీ ఎందుకు చెప్పినట్టు? ఎం.ఎన్. శ్రీనివాస్ రాంపురలో 1948లో పనిచేశారు. శుద్ధి చేసి రాసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో స్టాన్‌ఫర్డ్‌లో తగలబడిపోతే, జ్ఞాపకం ఆధారంగా రాసి 1976లో పుస్తకం వేశారు. ఆ సంగతి పుస్తకం పేరులోనే పెట్టారు. బ్రాహ్మణుడిగా, పెద్దింటి ఆశ్రయంలో ఉండటం వల్ల పై కులాలవాళ్లతోనే తిరిగాననీ, ఊరి చిత్రం అటువైపు మొగ్గిందనీ ఒప్పుకున్నారు. ఫలానావాణ్ణి అని చెప్పి ఊరుకోలేదు, అందువల్ల ఏ వాకిళ్లు తెరుచుకున్నాయో ఏవి మూసుకున్నాయో చెప్పారు. మన విద్యార్థిని కూడా యానాం అమ్మాయే అయితే 'నేను తెలుగుదాన్ని కాబట్టి వాళ్లు మనసు విప్పారు' అని రాయాలనిపిస్తుంది. సగమే నిజం. ఊరి పేరు వినగానే అన్నం పెట్టినావిడే, తాను ఇంటికెంత పంపుతోందో చెప్పడం ఆపేసి ఉండొచ్చు. ఆ మాట తనకన్నా ముందు ఊరు చేరుతుందని తెలుసు గనుక. జీతాల ప్రశ్నకు ఊరివాళ్లు ముక్తసరిగా జవాబిచ్చి, పక్క జిల్లావాళ్లు విడమరిచి చెప్పారా అని ట్రాన్స్‌క్రిప్టుల్లో చూసి రాస్తే అది పొజిషనాలిటీ.

దీనికి వచ్చే ఆక్షేపణల్లో ఒకటి, ఇరవై ఏడు, ఇరవై అంటూ అంకెలు చెప్పడం గణాంకాలవాళ్ల బుద్ధి, గుణాత్మక పరిశోధనకు అది తగదు అని. ఎంతమంది కాదన్నారో చెప్పడం గణాంకం కాదు, లెక్కాపత్రం. రెండోది ఇంకా గట్టిది. కుంటుపడిన చోట్లన్నీ ఒప్పుకుంటే జర్నల్ తిప్పికొడుతుంది, అదే కోడ్లు ఇద్దరు విడివిడిగా పెట్టి కప్పా విలువ ఇస్తే తీసుకుంటుంది అంటారు. అలా కోరే జర్నళ్లున్నాయి, కాదనను. కానీ పరిశోధకుడి చదువే ఒక పనిముట్టు అని మొదటి పేజీలో చెప్పి, ఎవరు చదివినా ఒకటే అని ఆరో పేజీలో అంకెతో నిరూపిస్తే రెంటిలో ఒకటి అబద్ధం. ఆ సంగతి గట్టి రివ్యూయర్‌కు చటుక్కున దొరికిపోతుంది. మూడోది నాకూ చిక్కుగానే ఉంది. పని అయిపోయి రెండేళ్లయింది, డైరీ రాయలేదు, ఇప్పుడు దిద్దమంటే ఏం దిద్దాలి? జరగనిది రాయకూడదు. అయితే ఆడియో ఫైళ్ల తేదీలుంటాయి, సంతకాలు పెట్టిన సమ్మతి పత్రాలుంటాయి, కోడ్ల పట్టిక పాత కాపీ ఏ ఈమెయిల్లోనో ఉంటుంది. వాటిని పక్కపక్కన పెడితే దారి ఎక్కడ మారిందో చాలావరకు తెలుస్తుంది. దొరకని చోట దొరకలేదని రాయాలి. పట్టిక ఒకటే ఉంటే, అయిదు ఇంటర్వ్యూలైనా మళ్లీ తెలుగులో కూర్చుని చదవాలి. రెండు వారాల పని. సున్నం కొట్టడానికీ దాదాపు అంతే పడుతుంది.

పదాల పరిమితి మాటకొస్తే, నిర్వచనాలన్నీ తీసేస్తే బోలెడంత చోటు మిగులుతుంది. వద్దన్న ఆ నలుగురూ అందులో హాయిగా పడతారు. 'స్నోబాల్' అన్న మాట మీద మరీ అంత మమకారముంటే ఉంచుకోండి, బంతిని మొదట తోసింది సూపర్‌వైజర్ అని పక్కనే రాసి.