దీవెనకు షరతులు వర్తిస్తాయి

వరలక్ష్మీ వ్రతం నాడు తెల్లారకముందే మా వీధి నగల కొట్టు శుభాకాంక్షలు వాట్సాప్‌లో దిగాయి. అమ్మవారి ముఖానికి అడ్డంగా యజమాని ఫొటో. ‘శుభాకాంక్షలు’ చీమ తలంత, ‘తరుగులో సగం తగ్గింపు’ మాత్రం తెర నిండా. అడుగున ‘షరతులు వర్తిస్తాయి’. దీవెనకా, తరుగుకా?

పక్క సందులో చిన్న కొట్టాయన కలశం, తొమ్మిది ముడుల తోరం బొమ్మ పెట్టి, ఓ మూలన కొట్టు పేరు వేసి ఊరుకున్నాడు. పైన ఒక్క మాట: ‘మీ పాత లక్ష్మీరూపు తెండి, మెరుగుపెట్టి ఇస్తాం. డబ్బులక్కర్లేదు.’ సాయంత్రానికి ఆడవాళ్లంతా అక్కడే.

ఆ శుక్రవారం కుదరకపోతే వ్రతం మరో శ్రావణ శుక్రవారం చేసుకోవచ్చంటుంది ఆచారం. మా వీధాయన మాత్రం ‘ఈ ఒక్కరోజే, త్వరపడండి!’ అంటూ మధ్యాహ్నం మళ్లీ దీవించాడు.