ఫ్రిజ్ తలుపు శాసనం

నోటితో చెప్పింది చెవికెక్కనప్పుడు అమ్మ జారీ చేసే రాతపూర్వక ఉత్తర్వే ఫ్రిజ్ తలుపు చీటీ. ఇంట్లో ఇన్ని గోడలుండగా అక్కడే ఎందుకంటే, టీనేజీ పిల్లలు పూటకోసారి తప్పక దర్శించుకునే స్థలం అదొక్కటే.

పాత క్యాలెండర్ కాగితం వెనుక ఇలా ఉంటుంది: "కుమారరత్నం గారికి, యువరాణి గారికి అమ్మ వ్రాయునది." మర్యాద ముదిరిందంటే కోపమూ ముదిరినట్టే. ఆపై అసలు విషయం: "నీళ్లు తాగినవారే సీసా నింపవలెను. ఖాళీ సీసా చల్లబడి ఎవరినీ ఉద్ధరించదు. కుమారరత్నం మూడో కూతకు కుక్కర్ కట్టేయాలి. ఏడో కూతకు అందులో పప్పుండదు, బొగ్గుంటుంది. యువరాణి బట్టలు ఆరేయాలి. అవి మెషీన్‌లోంచి నడిచొచ్చి దండెం ఎక్కవు. అన్నీ అయ్యాకే వైఫై పాస్‌వర్డ్."

పనికి పేరు రాయడం ముఖ్యం. "ఎవరో ఒకరు చేయండి" అని రాస్తే అన్న చెల్లిని చూస్తాడు, చెల్లి సెల్లు చూస్తుంది. చీటీ కింద "చూశాం" అని రాసినంత మాత్రాన పని అయినట్టు కాదు. సీసా ఎత్తి చూడాలి. చివర వైఫై వాక్యం లేని చీటీని పిల్లలెవరూ లెక్కచేయరు. ఇక చీటీని మొదట్నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివేది నాన్న ఒక్కడే, తన పేరుందేమోనని.