పన్ను మినహాయింపు దక్కకుండా దానం చేయడం ఎలా?

దానం చేసి పన్ను తగ్గించుకునే దారులు చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. లక్ష రూపాయలు ఇచ్చి కూడా పన్నులో ఒక్క రూపాయి తగ్గకుండా చూసుకోవడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నది పెద్దల మాట. ఆదాయపు పన్ను శాఖకైతే అసలే తెలియకూడదు కదా! సెక్షన్ 80జి ఇచ్చే మినహాయింపును చేజేతులా ఎలా వదిలించుకోవాలో, 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కల ప్రకారం చెబుతాను.

ఏలూరులో ఒక హైస్కూలు మాస్టారు ఉన్నారనుకుందాం. తండ్రిగారి ఆబ్దికానికి ఊళ్లోని అనాథ శరణాలయం ట్రస్టుకు లక్ష రూపాయలు ఇవ్వాలనుకున్నారు. ఇంతకంటే మంచి శిష్యుడు మనకు దొరకడు.

మాస్టారూ, ముందు బ్యాంకుకు వెళ్లి లక్షా డ్రా చేయండి. ఐదు వందల నోట్ల కట్టలు రెండు, పసుపు రాసిన కవరులో పెట్టి ట్రస్టు కార్యదర్శి చేతిలో పెడితే వచ్చే తృప్తి ఆన్‌లైన్ బదిలీలో రాదు. మినహాయింపు కూడా రాదు. 80జి కింద నగదుగా ఇచ్చే విరాళానికి 2,000 రూపాయలే హద్దు. 2017-18కి ముందు ఆ హద్దు 10,000 ఉండేది, తగ్గించారు. ఇక్కడ చాలామంది ఒక ఆశ పెట్టుకుంటారు: లక్ష నగదుగా ఇస్తే కనీసం మొదటి రెండు వేలకైనా మినహాయింపు వస్తుంది కదా అని. రాదు. రెండు వేలు దాటిన నగదు విరాళం మొత్తానికి మొత్తం లెక్కలోంచి ఎగిరిపోతుంది. 2,000 ఇస్తే వచ్చే మినహాయింపు 2,001 ఇస్తే రాదు. ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడం వల్ల ఇంత ఫలితం సాధించే అవకాశం చట్టంలో ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు.

తెలివైనవాళ్లు ఇంకొకటి చేస్తారు. పది వేలు ఇచ్చి, రెండేసి వేల రసీదులు ఐదు, ఐదు తేదీల మీద రాయించుకుంటారు. ఇదీ మంచి పద్ధతే. ట్రస్టు ఏడాది ముగిశాక పన్ను శాఖకు పంపే పట్టికలో మీ పాన్ ఎదురుగా ఏడాదంతా నగదుగా ఇచ్చింది కలిపి పది వేలని చూపిస్తుంది. ఐదు రసీదులూ ఫైల్లో భద్రంగా ఉంటాయి, మినహాయింపు ఉండదు.

నగదు సరే, ఇక వస్తు రూపం. శరణాలయంలో పిల్లలకి బియ్యం బస్తాలు, దుప్పట్లు, నోటు పుస్తకాలు కొని పట్టుకెళ్లండి. దుకాణం బిల్లు కూడా దాచుకోండి, చూసుకోవడానికి బాగుంటుంది. 80జి గుర్తించేది డబ్బును మాత్రమే. వస్తువు ఎంత విలువైనదైనా ఆ సెక్షన్ దృష్టిలో విరాళం కాదు.

రసీదు విషయానికి వద్దాం. మనవాళ్ల మంచితనం అంతా బయటపడేది ఇక్కడే. డబ్బు మాస్టారిది, ఖాతా మాస్టారిది. కార్యదర్శి రసీదు పుస్తకం తెరిచి "ఏ పేరు రాయమంటారు మాస్టారూ?" అని అడగ్గానే, ఆయన కళ్లు తుడుచుకుని నాన్నగారి పేరు చెప్పాలి. పేరుకు ముందు కీర్తిశేషులు అని, వెనక గోత్రం కూడా రాయించాలి. పాన్ నంబరు అడిగితే "అదెందుకండీ, దానానికి కూడా పాన్ కార్డా?" అని చిన్నబుచ్చుకోవాలి. శిలాఫలకం మీద ఎవరి పేరైనా చెక్కించుకోవచ్చు, ట్రస్టు వార్షిక పట్టికలో మాత్రం డబ్బు ఇచ్చినవారి పేరు, వారి పాన్ ఉండాలి. మినహాయింపు అడిగే హక్కు ఆ పేరుగలవారికే. కీర్తిశేషులు రిటర్ను వేయరు కాబట్టి విషయం అక్కడితో ముగుస్తుంది.

ఒకప్పుడు ట్రస్టు ముద్ర వేసిన రసీదే సరిపోయేది. "80జి కింద మినహాయింపు కలదు" అని కింద చిన్న అక్షరాల్లో ఉంటే చాలు. 2021-22 నుంచి పద్ధతి మారింది. ఏడాదిలో ఎవరెవరు ఎంత ఇచ్చారో ట్రస్టు ఫారం 10బీడీలో పన్ను శాఖకు తెలపాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 దానికి గడువు. అది దాఖలు చేశాక పోర్టల్ నుంచే ప్రతి దాతకూ ఒక ధ్రువపత్రం తయారవుతుంది, దాని పేరు ఫారం 10బీఈ. మనం రిటర్నులో అడిగే మినహాయింపును శాఖ సరిపోల్చుకునేది ఈ పత్రంతోనే తప్ప మన చేతిలో ఉన్న రసీదుతో కాదు. ట్రస్టు ఆలస్యం చేస్తే రోజుకు 200 రూపాయల రుసుము ట్రస్టు కట్టుకుంటుంది. కానీ పట్టికలో మీ పేరు లేకపోతే పోయేది మీ మినహాయింపు.

అందువల్ల నా సలహా ఏమిటంటే, డబ్బు ఇచ్చాక ఆ ట్రస్టు గుమ్మం తొక్కకండి. 10బీఈ అడిగితే లెక్కలు అడిగినట్టు ఉంటుందని మొహమాటపడండి. ఒకవేళ వాళ్లే పంపినా తెరిచి చూడకండి. పాన్‌లో ఒక అక్షరం తప్పు పడిందా, చెక్కు ఇస్తే నగదు అని నమోదైందా అని చూస్తే సరిదిద్దించుకునే ప్రమాదం ఉంది. ట్రస్టు సవరించిన పట్టిక వేయగలదు మరి.

ట్రస్టుకు 80జి ఆమోదం ఉందో లేదో కూడా చూడకపోవడం మేలు. పాత ట్రస్టు, మా తాత కాలం నుంచి ఉంది అన్న నమ్మకం చాలు. ఈ ఆమోదం ఇప్పుడు గడువుతో వస్తుంది; గడువు తీరాక పునరుద్ధరించుకోకపోతే తాతల నాటి ట్రస్టు కూడా జాబితాలో ఉండదు. అలాగే ఒక కులానికి మాత్రమే కట్టే సంఘ భవనానికి ఇవ్వండి. ఒక మతవర్గం, ఒక కులం మేలుకోసమే పెట్టిన సంస్థలకు 80జి వర్తించదు, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవి తప్ప. తిరుమల వెళ్లినప్పుడు శ్రీవేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టు కౌంటరు దగ్గర ఆగి చెక్కు రాస్తే 80జి రసీదు ఇస్తారు, కాబట్టి ఆగకుండా నేరుగా హుండీలో వేయండి. స్వామికి తెలుస్తుంది, శాఖకు తెలియదు.

ఇన్ని చెప్పినా మాస్టారు వినలేదనుకోండి. చెక్కు ఇచ్చారు, సొంత పేరు, సొంత పాన్ చెప్పారు, 10బీఈ తీసుకున్నారు. అప్పుడు కూడా నిరాశపడక్కర్లేదు, లెక్క మన పక్షానే ఉంది.

స్టాండర్డ్ డిడక్షన్, వృత్తి పన్ను పోగా మాస్టారి స్థూల ఆదాయం 9,00,000. పీఎఫ్, ఎల్ఐసీ కలిపి 80సి కింద 1,50,000. ఆరోగ్య బీమాకు 80డి కింద 25,000. ఇవి తీసేస్తే 7,25,000. మామూలు ట్రస్టులకిచ్చిన విరాళంలో ఈ మొత్తానికి పది శాతం వరకే పరిగణిస్తారు, అంటే 72,500. మిగతా 27,500 పుణ్యం ఖాతాలోకే. ఆ 72,500లో సగానికే మినహాయింపు, అంటే 36,250. ఆ సగం కూడా తగ్గేది ఆదాయంలో గానీ పన్నులో కాదు. మాస్టారిది 20 శాతం శ్లాబు. సెస్సుతో కలిపి ఆయనకు మిగిలేది 7,540 రూపాయలు. లక్ష ఇస్తే లక్ష పన్ను తగ్గుతుందని పెళ్లిళ్లలో చెప్పే బావగార్లకు ఈ అంకె చెప్పకండి, సభ చెడుతుంది.

అదే లక్ష ముఖ్యమంత్రి సహాయనిధికో ప్రధానమంత్రి జాతీయ సహాయనిధికో ఇస్తే పది శాతం హద్దు లేదు, సగం కోత లేదు. లక్షకు లక్షా మినహాయింపు, పన్నులో 20,800 తగ్గేది. నగదు నిబంధన మాత్రం అక్కడా అదే. శరణాలయం పిల్లలకి ఇవ్వాలనుకున్నది ప్రభుత్వ నిధికి ఇవ్వమని నేను చెప్పను. తేడా తెలిసి ఇవ్వడం వేరు.

ఇక మిగిలింది అసలు దెబ్బ. 80జి ఉన్నది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానమే ఇప్పుడు డిఫాల్టు, అందులో ఈ మినహాయింపు లేదు. కాబట్టి మాస్టారు ఆ 7,540 కోసం పట్టుబట్టి పాత విధానం ఎంచుకోవాలి. అప్పుడు ఆయన పన్ను లెక్క ఇలా: 6,88,750 మీద సెస్సుతో 52,260. కొత్త విధానంలో ఉంటే? అక్కడ పన్ను వేసే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే జీతగాడికి రిబేటు పోగా పన్ను సున్నా. 7,540 మిగుల్చుకోవడానికి 52,260 కట్టడం మామూలు మనిషికి సాధ్యం కాదు, దానికి 80జి రసీదు మీద అపారమైన ప్రేమ ఉండాలి. ఇంటి అద్దె మినహాయింపు, గృహరుణ వడ్డీ భారీగా ఉండి పాత విధానమే లాభమయ్యేవాళ్లు కొందరున్నారు. వాళ్లు రిటర్నును గడువు దాటాక వేస్తే సరి: పాత విధానం ఎంచుకునే హక్కు పోతుంది, దాంతో 80జి కూడా.

ఒక్క సలహా మాత్రం వేళాకోళానికి కూడా ఇవ్వలేను. "మీరు చెక్కు ఇవ్వండి సార్, మా కమీషన్ పోగా మిగతాది నగదుగా వెనక్కి ఇచ్చేస్తాం" అనే ఏజెంట్లు, విరాళమే ఇవ్వకుండా రిటర్నులో అంకె వేసి రీఫండు తెప్పిస్తామనేవాళ్లు ఊరూరా ఉన్నారు. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ మినహాయింపులు వేయించే వాళ్ల మీద దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. పట్టుబడితే ఎగ్గొట్టిన పన్ను, దాని మీద వడ్డీ, పైగా ఆదాయం తప్పుగా చూపినందుకు ఆ పన్నుకు రెట్టింపు జరిమానా. నోటీసు వచ్చేది రిటర్ను ఎవరి పాన్ మీద వేశారో వాళ్లకే, ఏజెంటుకు కాదు.

ఈ సలహాలు నచ్చనివాళ్లు చేయాల్సింది పెద్దగా లేదు. చెక్కు రాసే ముందు ఆదాయపు పన్ను పోర్టల్లో ట్రస్టు ఆమోదం ఇంకా అమల్లో ఉందో లేదో చూడండి. జూన్ మొదటి వారంలో ట్రస్టుకు ఫోన్ చేసి, మొహమాటం లేకుండా ఫారం 10బీఈ అడగండి.