హైదరాబాదూ సాలూరూ ఒకే లెక్క

సాలూరులో ఎవరైనా "ఎక్కడుంటున్నావు బాబూ?" అని అడిగితే "హైదరాబాద్" అనేసి, ఆ మాట అవతలివాళ్ల చెవిలోకి పూర్తిగా దిగేదాకా కాసేపు ఆగడం నాకున్న దురలవాట్లలో ఒకటి. ఉంటున్నది ఉప్పల్‌లో అని, ఇల్లు మూడో అంతస్తు అని, లిఫ్టుకి బుద్ధిపుట్టినప్పుడే కదులుతుందని చెప్పను. మహానగరంలో ఉన్నానన్న ఈ మిడిసిపాటుని మా చుట్టాలెవరూ దించలేకపోయారు. ఆదాయపు పన్ను వాళ్ల నిబంధన ఒకటి దించింది.

దాని నంబరు 2ఏ. 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లోది. జీతంతోపాటు వచ్చే ఇంటి అద్దె అలవెన్సులో, అంటే ఆఫీసులో అందరూ హెచ్‌ఆర్‌ఏ అనే దానిలో, ఎంతకి పన్ను ఉండదో 2024-25లో చెప్పింది అదే. పెద్ద నగరాలంటే దాని దృష్టిలో నాలుగే: బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు. ఊళ్లు పేర్లు మార్చుకున్నాయి గానీ నిబంధన వాటిని పాత పేర్లతోనే పిలిచేది. అక్కడ అద్దెకుంటే జీతంలో సగం దాకా మినహాయింపు, మిగతా దేశంలో ఎక్కడున్నా 40 శాతం దాకా. 2024-25 లెక్కలు వేసుకునేనాటికి ఆ మిగతా దేశంలో హైదరాబాద్ ఉంది, దాని పక్కనే మా సాలూరూ ఉంది.

ఈ అవమానం ఒంటరిగా మోయలేక మా ఆవిడకి చెప్పాను. ఆవిడ బొబ్బిలిలో బీకాం చదివిన మనిషి. "చెన్నైలో ఉండుంటే మనకి పది శాతం ఎక్కువ మిగిలేది, తెలుసా?" అన్నాను, చెన్నై నా చేతిలోంచి జారిపోయినట్టు. ఆవిడ పిల్లాడి లెక్కల పుస్తకం వెనకపేజీ తిప్పి, "మీ పే స్లిప్ ఇలా ఇవ్వండి" అంది.

నా పే స్లిప్పుకీ నా మాటలకీ ఎప్పుడూ కొంచెం తేడా ఉంటుంది. ఊళ్లో నా జీతం తొంభై వేలు. పే స్లిప్పులో బేసిక్ 50,000, హెచ్‌ఆర్‌ఏ 20,000, స్పెషల్ అలవెన్స్ 20,000. కలిపితే తొంభై అయిన మాట నిజమే. కానీ ఈ నిబంధన జీతం అనేది బేసిక్‌ని మాత్రమే. డీఏ ఉండి, అది పీఎఫ్, పింఛను లాంటి రిటైర్మెంట్ లెక్కల్లోకి వచ్చేదైతే దాన్నీ కలుపుతుంది. అమ్మకాల మీద ఇంత శాతమని ఖాయంగా వచ్చే కమీషన్ ఉంటే అదీ కలుస్తుంది. మాది ప్రైవేటు కంపెనీ, డీఏ లేదు. నాకు ఎవరూ ఏదీ కొనేంత నమ్మకంగా మాట్లాడటం రాదు కాబట్టి కమీషనూ లేదు. అంటే నా జీతం ఏడాదికి ఆరు లక్షలే. స్పెషల్ అలవెన్స్‌ని పెళ్లిచూపుల్లో మావగారు కలిపారు గానీ నిబంధన కలపదు.

మా ఆవిడ మూడు వరసలు రాసింది. మొదటిది ఏడాదిలో కంపెనీ నిజంగా ఇచ్చిన హెచ్‌ఆర్‌ఏ: 2,40,000. రెండోది కట్టిన అద్దెలోంచి జీతంలో పదో వంతు తీసేయగా మిగిలింది: నెలకి 18,000 చొప్పున అద్దె 2,16,000, అందులో 60,000 పోతే 1,56,000. మూడోది జీతంలో 40 శాతం: 2,40,000. ఈ మూడింటిలో ఏది తక్కువో అదే మినహాయింపు. అంటే 1,56,000. కంపెనీ ఇచ్చిన దాంట్లో మిగిలిన 84,000 మీద మామూలుగా పన్ను పడుతుంది.

"ఇప్పుడు మీ చెన్నై వేసి చూద్దాం" అని మూడో వరస కొట్టేసి 3,00,000 రాసింది. మొదటిది కదల్లేదు. రెండోదీ కదల్లేదు. తక్కువైనది మళ్లీ 1,56,000. సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లేటప్పుడు సుంకి ఘాటీలో లోడు లారీ ముందుంటే మన కారుకి ఎంత ఇంజనున్నా లారీ వేగమే మన వేగం. నా లెక్కలో ఆ లారీ అద్దె వరస. వెనకున్న వరసలో 40 శాతం ఉన్నా 50 శాతం ఉన్నా దారి ఇవ్వదు. హైదరాబాద్‌ని మహానగరంగా గుర్తించలేదని అన్ని రోజులు నేను పడ్డ బాధ పైసా విలువ చెయ్యదని తేలింది.

నా బుర్ర ఇంకోవైపు తిరిగింది. అద్దె వరసే అడ్డమైతే అద్దె పెంచితే సరి. హబ్సిగూడలో లిఫ్టు రోజూ పనిచేసే ఫ్లాటు ఒకటి నా కంట్లో చాలాకాలంగా ఉంది. అద్దె 25,000. అప్పుడు ఏడాదికి మూడు లక్షలు, పదో వంతు పోతే 2,40,000. మూడు వరసలూ సమానమైపోతాయి. వచ్చిన హెచ్‌ఆర్‌ఏ మొత్తానికీ మినహాయింపే! "పెరిగే అద్దె పన్నులో వచ్చేస్తుంది" అని గంభీరంగా ప్రకటించాను. ఇలాంటి ప్రకటనలు చేసేటప్పుడు నేను నిలబడి చేస్తాను.

మా ఆవిడ కూర్చునే లెక్క కట్టింది. అద్దె ఏడాదికి 84,000 పెరుగుతుంది, మినహాయింపు కూడా 84,000 పెరుగుతుంది. అంతవరకు నేను చెప్పింది కరెక్టే. కానీ మినహాయింపు అంటే ఆ డబ్బు తిరిగొచ్చేయడం కాదు, దాని మీద పన్ను పడకపోవడం. నేనున్న శ్లాబు 20 శాతం, సెస్సు కలిపి 20.8. అంటే మిగిలేది 17,472. "ఇంటాయన జేబులోకి ఎనభై నాలుగు వేలు వేసి, గవర్నమెంటు దగ్గర పదిహేడు వేలు మిగిలించుకుందామంటారు. అరవై ఆరు వేలు పెట్టి లిఫ్టు ఎక్కుదామంటారు, అంతేనా?" అంది. పైగా పాతిక వేలు దాటాక ప్రతి రూపాయి అద్దెకీ మినహాయింపు సున్నా, ఎందుకంటే అక్కడ మిగతా రెండు వరసలూ గోడలా నిలబడతాయి. నేను కూర్చున్నాను.

ఆఫీసులో ఒక పెద్దమనిషి ఇంకో ఉపాయం చెప్పాడు: ఊళ్లో అమ్మ పేరున ఇల్లుంటే ఆవిడ చేత అద్దె రసీదులు రాయించుకోమని. సాలూరు ఇల్లు అమ్మ పేరునే ఉంది. ఫోన్ చేశాను.

"అమ్మా, మనింటికి నేను నీకు అద్దె కడుతున్నట్టు రాయించుకుంటానే."

"ఏట్రా, నువ్వు పుట్టిన ఇంటికి నువ్వు అద్దేటి?"

"నిజంగా కాదమ్మా, కాగితం మీద."

"నువ్వు ఉండేది అక్కడ, అద్దె కట్టేది ఇక్కడా? ఈ ఇంట్లో ఉన్నది నేను కదరా. మరి నేను ఎవులికి కట్టాల?"

ఆదాయపు పన్ను అధికారి అడిగే ప్రశ్న కూడా సరిగ్గా అదే. నిజంగా తాను ఉంటున్న ఇంటికి, నిజంగా కట్టిన అద్దెకే మినహాయింపు. అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటూ, వాళ్లకి బ్యాంకు ద్వారా అద్దె పంపి, ఆ అద్దెని వాళ్ల ఆదాయంలో చూపిస్తే అది వేరే సంగతి, దానికి అభ్యంతరం లేదు. ఊళ్లో సొంతిల్లు ఉన్నంత మాత్రాన నగరంలో కట్టే అద్దెకి మినహాయింపు పోదు కూడా. కానీ ఉప్పల్‌లో పడుకుంటూ సాలూరులో అద్దెకున్నానంటే చట్టం కంటే ముందు మా అమ్మే ఒప్పుకోలేదు.

ఇక అసలు ఇంటాయన సంగతి. ఏడాదికి లక్ష దాటి అద్దె కడితే ఆఫీసులో ఇచ్చే 12బీబీ ఫారంలో ఇంటి ఓనరు పాన్ నంబరు రాయాల్సి ఉండేది. 2024 ఏప్రిల్‌లో అడగడానికి వెళ్లాను. అప్పటికి అద్దె 16,500. ఆయన అంతదాకా నన్ను "బాబూ" అనేవాడు, పాన్ అనగానే "సార్" అన్నాడు. "ఇస్తాను సార్. ఇచ్చాక ఆ అద్దె మీద నేనూ పన్ను కట్టాలి కదా. పద్దెనిమిది చేసుకుందాం" అన్నాడు. సరేనన్నాను. ఆ పదిహేను వందలకి ఎంతో కొంత మినహాయింపు ఎలాగూ పెరుగుతుందని ఇంటికొచ్చి చెప్పాను. ఏడాదికి అద్దె 18,000 పెరిగింది, దానివల్ల పన్నులో తగ్గేది 3,744 అని మా ఆవిడ చెప్పింది. ఆ పాన్ నంబరు మాత్రం ఆఫీసులో ఎంతో ఠీవిగా ఇచ్చాను, మొత్తానికి ఇంటాయన దగ్గర పాన్ రాబట్టినవాణ్ణి కదా.

ఏడాది తిరిగి రిటర్ను వేసే రోజు వచ్చింది. పాత పద్ధతిలో పన్ను కోయమని ఆఫీసుకి రాసిచ్చింది నేనే. ఎందుకంటే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పాత పద్ధతిలోనే ఉంటుంది, కొత్త పద్ధతిలో లేదు. అంత కష్టపడి సంపాదించిన 1,56,000ని వదులుకోవడానికి నాకు మనసొప్పదు. "రెండు రకాలుగానూ వేసి చూడండి, పోయేదేముంది" అంది మా ఆవిడ. ఉద్యోగి ఆఫీసుకి ఏం రాసిచ్చినా, గడువులోగా రిటర్ను వేసేటప్పుడు రెంటిలో ఏదైనా ఎంచుకోవచ్చు.

మళ్లీ లెక్కల పుస్తకం వచ్చింది. మొత్తం 10,80,000. పాత పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, హెచ్‌ఆర్‌ఏ 1,56,000, 80సీ కింద పీఎఫ్, ఎల్ఐసీ కలిపి 1,50,000, వృత్తి పన్ను 2,400 తీసేస్తే పన్ను పడేది 7,21,600 మీద. పన్ను, సెస్సు కలిపి 59,093. కొత్త పద్ధతిలో తీసేయడానికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే. 10,05,000 మీద పన్ను పడుతుంది, అయినా శ్లాబు రేట్లు తక్కువ కాబట్టి మొత్తం 52,780. మూడు వరసలు, రసీదులు, పాన్, పదిహేను వందల పెంపు అన్నీ పెట్టుకున్న పాత పద్ధతి కంటే ఏమీ పెట్టుకోని కొత్త పద్ధతే 6,313 తక్కువ.

నేను వెంటనే పాత పద్ధతిని కాపాడే ప్రయత్నం చేశాను. ఇంకొంచెం అద్దె ఉంటే అది గెలిచేది కదా! గెలవాలంటే నెలకి ఇంకో 2,500 పైన కట్టాలని తేలింది. ముప్పై వేలు పోసి ఆరు వేలు గెలవడం. ఈసారి నిలబడకుండానే విరమించుకున్నాను. ఇల్లు అప్పు వడ్డీ, పెద్ద అద్దె, ఇంకా పెద్ద జీతం ఉన్నవాళ్లకి పాత పద్ధతి కలిసి రావచ్చు. నాకున్నది పెద్ద మాటలే, వాటికి ఏ సెక్షన్ కిందా మినహాయింపు లేదు.

2025-26 వచ్చేసరికి ఆ ఆరు వేల చర్చ కూడా లేకుండా పోయింది. కొత్త పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం పన్నెండు లక్షలు దాటకపోతే రిబేటుతో పన్ను సున్నా. నాది పది లక్షల అయిదు వేలు. మూడు వరసల్లో ఏది చిన్నదో చూసే అవసరమే లేదు. ఆ ధైర్యంతో ఇంటాయన దగ్గరకి వెళ్లి, ఇకనుంచి మీ పాన్ నంబరు అక్కర్లేదండీ అని చెప్పాను. అద్దె పాత 16,500కి దింపుతాడని నా ఆశ.

"మంచిది సార్, దాచుకుంటాను" అన్నాడాయన. అద్దె మాత్రం పద్దెనిమిది వేలే.