మా రోజుల్లో పరీక్ష పాసైతే ఎంత పెరుగుతుందో ముందే రాసి ఉండేది

మా రోజుల్లో బ్యాంకు క్లర్కులం సీఏఐఐబీ పరీక్ష రాసేవాళ్ళం. మొదటి భాగం పాసైతే ఒక ఇంక్రిమెంటు, రెండో భాగం కూడా గట్టెక్కితే ఇంకో రెండు. ఇది ఎవరో నోటిమాటగా చెప్పింది కాదు, యూనియన్లకూ బ్యాంకులకూ కుదిరిన ఒప్పందంలో ఉన్న మాట. ఇంక్రిమెంటు మూలవేతనంలో కలిసేది కనక దానిమీద డీఏ పెరిగేది, పీఎఫ్ పెరిగేది, ఆ లాభం ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ వెంట వచ్చేది. ఖర్చంటారా, పరీక్ష ఫీజూ పుస్తకాలూ. క్యాష్ టాలీ చేసి ఇంటికొచ్చి రాత్రిళ్ళు చదువుకునేవాళ్ళం. ఉద్యోగం మానక్కర్లేదు, అప్పు చెయ్యక్కర్లేదు. పెట్టిన డబ్బు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో దరఖాస్తు నింపే రోజునే తెలిసేది.

ఇప్పుడు ఆ లెక్క చెప్పేవాడే లేడు. మా మనవడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేస్తున్నాడు, చేతికి నెలకు 30,000 వస్తుంది. క్లౌడ్ కోర్సులో చేరతానంటాడు. ఫీజు 1,80,000. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,12,400. "వడ్డీ లేదు తాతయ్యా, 24 నెలల ఈఎంఐ, కోర్సయ్యాక 38,000 వస్తుంది" అన్నాడు. అంటే నెలకు 8,000 లాభమని వాడి లెక్క.

"ఏ కోర్సూ చెయ్యకపోతే వచ్చే ఏడాది నీ జీతమెంతరా?" అనడిగాను. ఎనిమిది శాతం పెరుగుతుందన్నాడు. అంటే ఊరికే కూర్చున్నా 32,400 వస్తుంది. కోర్సు తెచ్చేది 38,000కీ 32,400కీ మధ్య ఉన్న 5,600 మాత్రమే. ఈఎంఐ ఎంత? 8,850. జీతం పెరిగిన తర్వాత కూడా ఈఎంఐ తీరేదాకా నెలనెలా జేబులోంచి వేసుకోవాలి. ఆ 5,600 తేడా అలాగే నిలుస్తుందనుకున్నా ఫీజు తిరిగి రావడానికి 38 నెలలు పడుతుంది. ఉద్యోగం మానేసి ఆరు నెలలు కోర్సులో కూర్చుంటే పోయే జీతం మరో 1,80,000. అప్పుడు 70 నెలలు, దగ్గర దగ్గర ఆరేళ్ళు.

ఆ కోర్సు చేసి తెచ్చుకుంటానని వాడు చెప్పిన అమెజాన్ వెబ్ సర్వీసెస్ సర్టిఫికెట్ గడువు మూడేళ్ళు, అంటే 36 నెలలు. డబ్బు వెనక్కి రాకముందే కాగితం కాలం తీరిపోతుంది. మేము పాసైన పరీక్షను ఎవరూ మళ్ళీ రాయమనలేదు.

ఆ 38,000 అందరికీ వస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. చేరినవాళ్ళలో సగం మందికే వస్తే, లెక్కలో వేసుకోవాల్సింది 5,600 కాదు, 2,800. ఉద్యోగంలో ఉంటూ చదివినా తిరిగి రావడానికి 76 నెలలు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చూపించే సగటు జీతం ఉద్యోగం దొరికినవాళ్ళదే, దొరకనివాళ్ళు ఆ సగటులో ఉండరు. పైగా వాళ్ళు చెప్పేది సీటీసీ, చేతికొచ్చేది కాదు. 'ప్లేస్‌మెంట్ సహాయం' అన్నది ఉద్యోగం ఇస్తామన్న హామీ కాదు. వాయిదాల అప్పు సాధారణంగా కుర్రవాడి పేరునే ఉంటుంది. మధ్యలో కోర్సు మానేసినా ఈఎంఐ ఆగదు.

వాణ్ణి చదువుకోవద్దని నేను అనలేదు. ఆ అమెజాన్ పరీక్షల్లో అసోసియేట్ స్థాయి దానికి ఫీజు 150 డాలర్లు, పన్నుతో సుమారు 15,000 రూపాయలు. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చదివినట్టు చూపక్కర్లేదు, ఎవరైనా రాయొచ్చు. పాఠాలు చాలావరకు ఆ కంపెనీ సైట్లోనే ఉచితంగా ఉన్నాయి. నెలకు 5,600 పెరిగితే ఆ ఫీజు మూడు నెలల్లో తిరిగొస్తుంది. సగం ఆశే పెట్టుకున్నా ఆరు నెలలు దాటదు. మిగతా 1,97,000 దేనికి కడుతున్నట్టు? పక్కన కూర్చుని చదివించేవాడి కోసమైతే, అది నీకు అవసరమో కాదో తేల్చుకుని కట్టాలి.

చేరేముందు రెండు పనులు చెయ్యమన్నాను. నీకు కావలసిన ఉద్యోగాల ప్రకటనలు ముందేసుకుని, ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అన్నవెన్నో, ఉంటే మంచిదన్నవెన్నో, దాని ఊసే లేనివెన్నో లెక్కపెట్టు. దానితో సంబంధం లేకుండా మూడేళ్ళ అనుభవం అడుగుతుంటే, కాగితం ఆ అనుభవాన్ని తీర్చదు. తర్వాత, ఆ కోర్సు రెండేళ్ళ కిందట ముగించినవాళ్ళను ఇన్‌స్టిట్యూట్ చూపించినవాళ్ళలోంచి కాకుండా నువ్వే వెతికి పట్టుకుని, ముందు చేతికెంత వచ్చేది, ఇప్పుడెంత వస్తోందని అడుగు. మీ మేనేజర్నీ అడుగు, ఇది పాసైతే జీతం పెంచుతారా, ఫీజు కంపెనీ ఇస్తుందా అని. పెంచుతామంటే ఈమెయిల్లో రాసిమ్మను. మాకు యూనియన్ ఒప్పందం చేసిపెట్టిన పని, ఈ రోజుల్లో ఎవడికి వాడే చేసుకోవాలి. అది చెయ్యకుండా రెండు లక్షల అప్పు పత్రం మీద సంతకం పెట్టొద్దు.